కాగితం లేదా, అర్హత లేదా?

(అమలాపురంలో సివిల్స్‌కి చదువుకుంటున్నవారి ఆదివారం క్లాసులో, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం)

అందరూ వచ్చినట్టేనా? వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కిటికీ పక్కన చాప ఖాళీగానే ఉంది.

పోయిన ఆదివారం మీకు రెండు పాత ప్రశ్నలు ఇచ్చి, జవాబులు రాసుకుని రమ్మన్నాను. రెండూ యూపీఎస్సీ మెయిన్స్ ఎథిక్స్ పేపర్లో వచ్చినవే. ఒకటి 2016లో, ఇంకోటి 2018లో. మీ జవాబులన్నీ ఈ వారం రాత్రిళ్లు కూర్చుని చదివాను. చదివాక, ఇవాళ చెబుదామనుకున్న పాఠం పక్కన పెట్టి ఈ రెండింటి గురించే మాట్లాడాలనిపించింది. ఎందుకంటే మీలో చాలామంది రెండింటికీ ఒకే జవాబు రాశారు. మనుషుల పేర్లు మారాయి, జవాబు మారలేదు. ఆ రెండు ప్రశ్నలూ పైకి అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. లోపల మాత్రం అసలు పోలికే లేదు.

ముందు 2016 ప్రశ్న ఒకసారి గుర్తు చేసుకుందాం. వృద్ధులు, నిరాధారులైన మహిళలకు సాయం చేసే పథకం ఒకటుంది. దాన్ని అమలు చేసే అధికారి మీరే. చదువు రాని ఒక ముసలావిడ మీ దగ్గరికొచ్చి సాయం అడిగింది. అర్హురాలినని చూపించడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. మీరు వాకబు చేయిస్తే ఆమెకి నిజంగానే ఎవరూ లేరని, దయనీయమైన స్థితిలో బతుకుతోందని తేలింది. కాగితాలు లేకుండా పథకంలో చేరిస్తే నియమం తప్పినట్టు. కాదంటే నిర్దయ. ఈ సందిగ్ధాన్ని హేతుబద్ధంగా తీర్చే దారి ఉందా, ఉంటే కారణాలు చెప్పండి అన్నారు.

2018 ప్రశ్నలో రాకేశ్ అని జిల్లా స్థాయి అధికారి. సీనియర్ సిటిజన్ల వైద్య పథకానికి లబ్ధిదారుల్ని గుర్తించే పని అతనిది. షరతులు నాలుగు. వయసు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, రిజర్వుడు వర్గానికి చెందాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉండాలి, చికిత్స వల్ల జీవితం మెరుగుపడే అవకాశం బాగా ఉండాలి. ఒక వృద్ధ దంపతులు వచ్చారు. పెద్దాయనకి పెద్దపేగులో అడ్డంకి, విపరీతమైన కడుపునొప్పి, ఏ పనీ చేయలేడు. పిల్లలు లేరు. సర్జన్ ఫీజు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నాడు. మందులకీ ఆస్పత్రి ఖర్చులకీ లక్ష రూపాయలు కావాలి. రెండో షరతు తప్ప మిగతావన్నీ సరిపోయాయి. రాకేశ్ ఏం చేయాలి?

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఈ రెండు చోట్లా లేనిదేమిటి? ముసలావిడకి లేనిది కాగితం. అర్హత ఉంది. ప్రశ్నలోనే ఆ మాట రాసి ఉంది, మీ విచారణలో ఆమె నిరాధారురాలని తేలిందని. పెద్దాయన దగ్గర కాగితాలకు లోటున్నట్టు ప్రశ్నలో ఎక్కడా లేదు. లేనిది అర్హత. ఒకటి రుజువు సమస్య, రెండోది షరతు సమస్య. రుజువు అధికారి కష్టపడితే దొరుకుతుంది. షరతు అధికారి ఎంత కష్టపడినా మారదు, దాన్ని మార్చే అధికారం అతనికి లేదు. మీరు పెన్ను పట్టుకోకముందే ఈ తేడా పట్టుకోవాలి. ఇది పట్టుకోకపోతే తర్వాత రాసే స్టేక్‌హోల్డర్లూ ఆప్షన్లూ ఎంత అందంగా ఉన్నా జవాబు దారి తప్పినట్టే.

ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. 1998లో నేను ఒక లంక గ్రామాల మండలంలో పనిచేస్తున్నాను. ఒకావిడ వృద్ధాప్య పింఛను కోసం పడవలో ఏరు దాటి, బస్సెక్కి వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ. అందులో ఒకదానికొకటి అతుక్కుపోయిన నాలుగు కాగితాలు. 1986 ఆగస్టు వరదలో ఇల్లు మునిగినప్పుడు పెట్టెలో ఉన్నవవి. గోరుతో విడదీయబోతే పొరలు పొరలుగా ఊడిపోయాయి, అక్షరం మిగల్లేదు. "వయసెంతమ్మా?" అంటే, "ఆయ్, డెబ్బై ఉండొచ్చు బాబూ, నాకేం తెలుసండి" అంది. అప్పట్లో కేంద్రం వృద్ధాప్య పింఛనుకి 65 ఏళ్లు నిండాలి, ఇచ్చేది నెలకి 75 రూపాయలు. నేను ఆవిణ్ణి వయసు ధ్రువీకరణ తెచ్చుకోమని పంపేశాను. రెండు వారాల తర్వాత మళ్లీ ఉత్త చేతులతో వచ్చింది. మళ్లీ పంపేశాను. నేను నియమం పాటిస్తున్నానన్న నమ్మకంతోనే ఉన్నాను.

మూడోసారి ఆవిడొచ్చినప్పుడు మా ఆఫీసులోని ఒక పాత గుమాస్తా, ఆమె వెళ్లి ఎవరిని అడుగుతుందండీ, కాగితం మన బీరువాలోనే ఉంటుంది కదా అన్నారు. బీరువా తీశారు. 1983 ఓటర్ల జాబితా, లంక గ్రామం, ఇంటి నంబరు, భర్త పేరు, ఆమె పేరు, వయసు 50. లెక్క చూడండి. 1983లో 50 అంటే 1998కి 65. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను పెట్టనందుకు ఆవిడ మూడుసార్లు ఏరు దాటింది. అంత దూరం రావడానికీ పోవడానికీ అయ్యే ఖర్చు, పోగొట్టుకున్న కూలీ కలిపితే ఒక నెల పింఛను అక్కడే పోయింది. ఆ సంచీ నాకిప్పటికీ కళ్లముందు ఉంటుంది.

అందుకే 2016 ప్రశ్నకి మీలో కొందరు రాసిన ఒక వాక్యం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. "అవసరమైన పత్రాలు సమకూర్చుకోమని ఆమెకు సలహా ఇస్తాను." ఇది సురక్షితంగా కనిపించే మార్గం. నియమం తప్పలేదు, మాట కటువుగా లేదు. కానీ చదువు రాని మనిషి నెత్తిన, ఆమె మోయలేని బరువుని మర్యాదగా పెట్టడం అది. నేను చేసిందీ అదే. నేరుగా మంజూరు చేయడం, నేరుగా తిరస్కరించడం, సలహా ఇచ్చి పంపడం, ఈ మూడూ తూచాక నాలుగోది ఉంటుంది. రుజువు సంపాదించే పని అధికారి తన నెత్తిన వేసుకోవడం. ప్రశ్నలో హేతుబద్ధమైన దారి అన్న మాటకి అర్థం అదే.

ఆ పని ఎలా చేస్తారో కూడా రాయాలి. "మానవతా దృక్పథంతో వ్యవహరిస్తాను" అంటే ఎగ్జామినర్‌కి ఏమీ అందదు. వయసుకి ఏమిటి, ఆదాయానికి ఏమిటి, ఎవరూ లేరన్న దానికి ఏమిటి, విడివిడిగా చూసుకోండి. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మార్గదర్శకాల్లో వయసు గురించి స్పష్టంగా ఉంది. జనన ధ్రువీకరణో స్కూలు సర్టిఫికెట్టో లేకపోతే రేషన్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు చూడొచ్చు. అవీ లేకపోతే ప్రభుత్వ ఆస్పత్రి మెడికల్ ఆఫీసర్ చేత వయసు ధ్రువీకరణ ఇప్పించవచ్చు. అంటే కాగితం లేనివాళ్లు ఉంటారని నియమానికే తెలుసు. మనం పైన ఒక్క వాక్యం చదివి, కింద ఉన్న దారి చదవకుండా నియమం ఒప్పుకోదంటున్నాం. ఎవరూ లేరన్నదానికి ఊళ్లో విచారణ చేసి, పంచనామా రాయించి, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకుని, వీఆర్వో నివేదిక జతచేస్తారు. భర్త మరణం అప్పట్లో నమోదు కాకపోతే, జనన మరణాల నమోదు చట్టం 1969లోని 13వ సెక్షన్ ప్రకారం ఆలస్యంగా నమోదు చేయించవచ్చు. ఏడాది దాటిన కేసుల్లో ఆ ఆర్డరు ఇచ్చే అధికారం 2023 సవరణతో జిల్లా మేజిస్ట్రేట్‌కి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కి వచ్చింది. మనకి ఆర్డీవో అన్నమాట. ఇవన్నీ జవాబులో దించమని కాదు, 250 పదాల్లో పట్టవు. ఒకటి రెండు సరైన చోట పడితే, ఈ అభ్యర్థికి ఆఫీసు ఎలా నడుస్తుందో తెలుసని అర్థమవుతుంది.

ఇంకో మాట. విచారణ చేస్తానన్నవాళ్లు, విచారణలో వేరే నిజం బయటపడితే ఏం చేస్తారో రాయలేదు. సంపాదించే కొడుకు పక్క ఊళ్లో ఉన్నాడని తేలితే? అప్పుడు మీ చేతికొచ్చింది వేరే కేసు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 కింద ట్రిబ్యునల్‌కి దరఖాస్తు చేయించాలి. విచారణ అనేది ముందే అనుకున్న ఫలితానికి కాగితాలు పోగుచేయడం కాకూడదు. ఫైల్లో కారణాలు రాసి సంతకం పెట్టాలని చెప్పేది కూడా అందుకే. రేపు ఆడిట్‌లో అడిగినా, అలాంటి మరో మనిషి వచ్చినా, ఇది దయతో ఇచ్చింది కాదు, విచారించి ఇచ్చింది అని ఆ ఫైలే చెప్పాలి.

మీలో సగం మంది "నా జీతంలోంచి కొంత ఇస్తాను" అని రాశారు. మంచి మనసే. ఆ వారం ఆమెకి బియ్యం కావాలి, ఇవ్వండి. కానీ దాన్ని ఒక్క వాక్యంలో తాత్కాలిక సాయంగా చెప్పి వదిలేయండి. మీ బదిలీ అయిన రోజున ఆగిపోయేది పరిష్కారం కాదు.

ఇక రాకేశ్ దగ్గరికి వద్దాం. అసలు కష్టం ఇక్కడే ఉంది. ముసలావిడ జవాబునే ఇక్కడా దించినవాళ్లు ఏం రాశారంటే, "నియమాల కంటే మానవత్వం గొప్పది కాబట్టి రాకేశ్ ఆ దంపతుల పేరు చేర్చాలి" అని. ఒక్కసారి ఆలోచించండి. ఆ పేరు చేర్చాలంటే రెండో షరతు దగ్గర ఏం రాయాలి? అబద్ధం రాయాలి. లేదంటే ఆ గడి ఖాళీగా వదిలేయాలి. అబద్ధపు కుల ధ్రువీకరణ అంటే ఏమిటో మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రభుత్వం రాకేశ్‌కి ఈ పని ఇచ్చిందే అతని నిజాయితీ చూసి అని ప్రశ్న మొదట్లోనే ఉంది. ఆ వాక్యాన్ని ఊరికే పెట్టలేదు.

ఇక్కడ స్టేక్‌హోల్డర్లు ఎవరు? మీ జవాబుల్లో పెద్దాయన, రాకేశ్, ప్రభుత్వం, సమాజం అని ఉన్నారు. సమాజం అన్న మాట తీసేయండి, అందులో మనిషి కనిపించడు. దాని బదులు, ఆ పథకం కోసం క్యూలో ఉన్న ఒక దళిత వృద్ధురాలిని ఊహించుకోండి. డబ్బు పరిమితమైతే ఆమె వాటా నుంచే ఇది పోతుంది. ఆమె ఈ గదిలో లేదు, ఏడవడం లేదు, అర్జీ ఇంకా ఇవ్వలేదు. ఎదురుగా కూర్చుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లే మన కంటికి ఆనుతారు. గదిలో లేనివాళ్లని కూడా తూకంలో పెట్టడమే స్టేక్‌హోల్డర్లని రాయడంలోని అసలు పని.

సర్జన్ కూడా ఉన్నాడు. ఫీజు వద్దన్నాడు కదా, ఆ మాటకి గడువు ఉంటుంది. రాకేశ్ నెల రోజులు పైవాళ్లకి లేఖలు రాస్తూ కూర్చుంటే, ఆ అవకాశం చేజారిపోవచ్చు.

మరి ఒక మనిషిని మీరంతా మర్చిపోయారు. ఒక్కరి పేపర్లోనూ ఆవిడ లేదు. పెద్దాయన భార్య. ప్రశ్నలో దంపతులు వచ్చారని ఉంది. ఆయన పని చేయలేడు, పిల్లలు లేరు. ఆపరేషన్ బాగా జరిగినా, జరగకపోయినా, ఇల్లు ఎలా గడుస్తుంది? ఆస్పత్రిలో ఆయన పక్కన ఉండేది ఆవిడే, ఆ రోజుల్లో ఆవిడ తినేదేమిటి? ఆవిణ్ణి చూడగానే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనుకి 60 ఏళ్లు నిండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే చాలు, కులం షరతు లేదు. వాళ్ల ఆదాయం ఆ గీత కిందకి వస్తుందేమో రాకేశ్ విచారించాలి. వస్తే ఆ పింఛనుకి ఆ రోజే దరఖాస్తు పెట్టించవచ్చు. అదేమీ దయ కాదు, వాళ్ల హక్కు.

ఇప్పుడు తాళం ఎక్కడ తీయాలో చూడండి. వాళ్లకి కావాల్సింది లక్ష రూపాయల వైద్యం. వాళ్లు అడుగుతున్నది ఒక పథకం. ఈ రెంటినీ విడదీస్తే సందిగ్ధం చాలావరకు కరిగిపోతుంది. ఈ పథకం కాదు అనడానికీ, సాయం లేదు అనడానికీ మధ్య చాలా చోటుంది. ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఉన్నాయి, మనకి 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ ప్రశ్న వచ్చిన 2018లోనే సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కింద జన ఆరోగ్య యోజన ప్రారంభమైంది. అదే సర్జన్ ఒప్పుకుంటే ఆపరేషన్ ప్రభుత్వ ఆస్పత్రిలో చేయించే వీలుందేమో అడగొచ్చు, అప్పుడు ఆ లక్ష ఖర్చే చాలావరకు తగ్గుతుంది. రెడ్ క్రాస్, దాతలు ఉన్నారు. వీటిలో రెండు మూడు చాలు, కానీ ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో, ఎన్నాళ్లలో చేస్తారో రాయండి.

నేనైతే ఎలా రాస్తానో కొంచెం చదువుతాను, వినండి.

"ఈ దంపతులు రెండో షరతుకు సరిపోరు. దాన్ని సడలించే అధికారం రాకేశ్‌కు లేదు. సడలిస్తే అర్హుడైన మరొకరి వాటా పోతుంది, జాబితాపై నమ్మకం పోతుంది. కాబట్టి ఈ పథకం కింద వారి పేరు చేర్చకూడదు. ఆ విషయం దాచకుండా, కారణం చెప్పి, అదే రోజు వారికి తెలియజేయాలి. కానీ వారి అవసరం నిజమైనది, ఆలస్యమైతే ప్రాణానికే ప్రమాదం. అందుకని రాకేశ్ సర్జన్‌తో మాట్లాడి ఆపరేషన్‌కు తేదీ తీసుకోవాలి. ఇతర ఆరోగ్య పథకాల్లో వారికి అర్హత ఉందేమో రెండు రోజుల్లో చూడాలి. లేకపోతే కలెక్టర్ ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పంపి, మందుల ఖర్చుకు రెడ్ క్రాస్‌ను అడగాలి. ఇద్దరికీ వృద్ధాప్య పింఛను అర్హత పరిశీలించాలి. ఇలాంటి కేసులు ఎన్ని వస్తున్నాయో లెక్క తీసి, మిగతా పేద వృద్ధులకు వేరే నిధి అవసరమని ప్రభుత్వానికి నివేదిక పంపాలి."

చివరి వాక్యం చూడండి. షరతు అన్యాయమనిపిస్తే మార్చమని పైకి రాయడం అధికారి బాధ్యతే. కానీ అది రేపటివాళ్ల కోసం. ఆ నివేదిక మీద నిర్ణయం వచ్చేదాకా పెద్దాయన కడుపునొప్పి ఆగదు. కొందరు ఈ ఒక్క వాక్యమే జవాబుగా రాశారు, అది చాలదు.

పూర్తి జవాబుకి ఇంకో నాలుగైదు వాక్యాలు వస్తాయి. 3 గంటల్లో 250 మార్కులు కాబట్టి 20 మార్కుల ప్రశ్నకి మీకు దక్కేది 14 నిమిషాలు. అందులో మొదటి మూడు నిమిషాలు ఏమీ రాయకండి. తెలుగులో రాసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ప్రశ్న ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, చదివేటప్పుడే 'తప్ప' అన్న చిన్న మాట జారిపోవచ్చు. రెండో షరతు తప్ప అన్నది జారిపోయిందంటే రాకేశ్ కేసు ముసలావిడ కేసు అయిపోతుంది.

ఆ, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, మరి నియమం దాటడం ఎప్పుడూ తప్పేనా? వరదలప్పుడు రేషన్ కార్డు చూసి పడవ ఎక్కించరు కదండీ?)

మంచి ప్రశ్న. పడవ ఎక్కించేటప్పుడు కార్డు అడగమని ఏ నియమమూ చెప్పదమ్మా. కార్డు బియ్యం పంచేటప్పుడు వస్తుంది, అప్పుడు కూడా కార్డు లేని కుటుంబాన్ని ముందు పునరావాస కేంద్రంలో కూర్చోబెట్టి భోజనం పెడతాం, పేరు రాసుకుంటాం, విచారణ ఆ తర్వాతే చేస్తాం. నేను చూసేది రెండు విషయాలు. ఆలస్యమైతే తిరిగి సరిదిద్దుకోలేని నష్టం జరుగుతుందా? జరిగితే, దాన్ని ఆపడానికి నియమం దాటడం తప్ప వేరే దారి నిజంగా లేదా? పెద్దాయనకి పేగు పూర్తిగా మూసుకుపోయి రాత్రి పదింటికి నొప్పితో పడిపోయాడనుకో. అప్పుడు లబ్ధిదారుల జాబితా ఎవరికి కావాలి? 108కి ఫోన్ చేసి కాకినాడ జీజీహెచ్‌కి తీసుకెళ్తాం. ప్రభుత్వ ఆస్పత్రి ఎమర్జెన్సీలో చేర్చుకోవడానికి ఏ షరతూ అక్కర్లేదు. నియమం దాటాలనిపించిన ప్రతిసారీ, ముందు పక్కనున్న దారులన్నీ వెతికావా అని నిన్ను నువ్వు అడుగు. చాలాసార్లు మనం వెతకం. దాటడం తేలిక, వెతకడం కష్టం.

అలాగని ప్రతి కేసూ ఈ రెండు గళ్లలో చక్కగా కూర్చోదు. వచ్చే వారానికి ఒకటి ఇస్తాను, ఇది పాత ప్రశ్న కాదు, మన చుట్టూ ఉన్నదే. రెండెకరాలు కౌలుకి చేసే రైతు. కోతకొచ్చిన వరి వరదలో మునిగి, పనలు చేలోనే మొలకెత్తాయి. పంట నష్టం కింద పెట్టుబడి రాయితీ రావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు కార్డు ఉంటే అతని పేరు ఎక్కుతుంది. ఆ కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. యజమాని హైదరాబాదులో ఉంటాడు, సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం, పెట్టలేదు. ఊరంతటికీ తెలుసు ఆ చేను ఎవరు దున్నారో. జాబితాలో మాత్రం యజమాని పేరుంది. మండల వ్యవసాయాధికారి మీరే, జాబితా గ్రామ సచివాలయంలో అంటించి అభ్యంతరాలకి రెండు రోజులే గడువుంది.

ఇక్కడ లేనిది కాగితమా, అర్హతా? కాగితమే అంటారా, అది ఇవ్వాల్సిన చెయ్యి మీది కాదు, మూడో మనిషిది. ఆయన కూడా స్టేక్‌హోల్డరే, ఆయన భయం కూడా నిజమే. 250 పదాలు, 14 నిమిషాలు. గడియారం పెట్టుకుని రాయండి, రాశాక యజమానికి మీరు ఫోన్లో చెప్పే మొదటి రెండు వాక్యాలు కూడా కింద రాసుకుని రండి.